బీటెక్ చదువా, బీటెక్ కాయితమా?

నెల కిందట మా మేనేజరు పిలిచి ఓ చిన్న పని అప్పజెప్పారు. ఈసారి ఫ్రెషర్ల కోసం వచ్చిన అప్లికేషన్లని వడగట్టి, ఆన్‌లైన్ పరీక్షకి ఎవర్ని పిలవాలో జాబితా తీసివ్వమని. "పోయినేడు వాడిన క్వెరీ ఉంది, అదే రన్ చేసెయ్, అయిదు నిమిషాల పని" అన్నారు. తెరిచి చూస్తే ఇదీ సంగతి:

```sql
SELECT * FROM applicants
WHERE tenth >= 60 AND inter >= 60
  AND btech >= 60 AND backlogs = 0;
```

మనందరికీ కంఠతా వచ్చిన వాక్యమే. పదిలో అరవై, ఇంటర్లో అరవై, బీటెక్‌లో అరవై, బ్యాక్‌లాగులు సున్నా. కాలేజీ నోటీసు బోర్డు మీద దీన్ని చదువుకుని, వేళ్ళ మీద లెక్కలేసుకున్నవాళ్ళమే కదా అందరం. అయిదు నిమిషాల పనే. కానీ ఎంటర్ నొక్కబోయి ఆగిపోయాను. కారణం మా రూమ్మేటు.

క్యాంపస్ సెలెక్షన్లు జరిగేనాటికి నాకు 60.8 శాతం, వాడికి 59.42. ఇద్దరిదీ మెకానికలే, ఒకే గది, ఒకే నోట్సు (ఆ నోట్సు కూడా వాడిదే, నేను జెరాక్సు తీయించుకునేవాణ్ణి). వచ్చిన కంపెనీ వాళ్ళు రౌండింగు కుదరదన్నారు. వాణ్ణి పరీక్ష హాల్లోకే రానివ్వలేదు. నేను రాశాను, ఇంటర్వ్యూలో నెగ్గాను, మూణ్ణెల్లు ట్రైనింగిచ్చి జావా నేర్పారు, అప్పట్నించీ ఇదే అన్నం తింటున్నాను. వాడు అమీర్‌పేటలో కోర్సు చేసి, కనిపించిన వాకిన్‌కల్లా తిరిగి, పద్నాలుగు నెలల తర్వాత ఓ చిన్న కంపెనీలో చేరాడు. థర్మోడైనమిక్స్ గానీ మెషీన్ డ్రాయింగ్ గానీ మా ఇద్దరిలో ఎవరికీ ఈ ఉద్యోగాల్లో ఒక్కరోజు కూడా పనికి రాలేదు.

మరి కంపెనీ నాకు జీతం ఇచ్చింది దేనికి? నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నదానికా, లేక ఆ నాలుగేళ్ళు కాలేజీలో పడి ఉండి అరవై దాటించుకోగలనని రుజువు చేసినందుకా?

లేబర్ ఎకనమిక్స్‌లో ఇది పాత తగవు. చదువుకున్నవాళ్ళకి ఎక్కువ జీతాలొస్తాయన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎందుకొస్తాయన్నదాంట్లోనే రెండు వర్గాలు. గ్యారీ బెకర్ 1964లో రాసిన పుస్తకం నించి బలపడ్డది మానవ మూలధనం వాదం. చదువు మనిషిని మారుస్తుంది, మారిన మనిషి ఎక్కువ పని చేస్తాడు, అందుకే ఎక్కువ జీతం. లేతు మిషను కొన్నట్టే, చదువు కూడా ఓ పెట్టుబడి అన్నమాట. రెండోది మైకేల్ స్పెన్స్ 1973లో రాసిన వ్యాసంతో మొదలైన సిగ్నలింగ్ వాదం. చదువు మనిషిని మార్చనక్కర్లేదు, ముందే ఉన్న సత్తాని బయటికి చూపిస్తే చాలు. బెకర్‌కి 1992లో నోబెల్ వచ్చింది, స్పెన్స్‌కి 2001లో మరో ఇద్దరితో కలిపి వచ్చింది. కాబట్టి ఆ కమిటీ వాళ్ళు ఎటువైపో తేల్చుకోవడం కష్టం :)

స్పెన్స్ లెక్క చాలా చిన్నది, చేసి చూస్తే ముచ్చటేస్తుంది. ఆయన అంకెల్ని మన రూపాయల్లోకి మారుస్తాను.

లోకంలో రెండు రకాల అభ్యర్థులున్నారనుకుందాం. ఒకరకం వాళ్ళ వల్ల కంపెనీకి మొత్తమ్మీద పది లక్షల విలువ, రెండోరకం వాళ్ళ వల్ల ఇరవై లక్షలు. మొహం చూసి ఎవరు ఏ రకమో కంపెనీ చెప్పలేదు. కాలేజీలో చెప్పే పాఠాల వల్ల ఈ విలువ ఒక్క రూపాయి కూడా పెరగదు (ఇది కేవలం లెక్క కోసం అనుకుంటున్నది, లెక్చరర్లు కోప్పడొద్దు). కాకపోతే ఒక తేడా ఉంది. చదువు చురుకైనవాళ్ళకి తేలిక, మిగతావాళ్ళకి కష్టం. ఫీజు, ట్యూషను, సప్లీలు, నిద్రలేని రాత్రులు అన్నీ డబ్బుల్లోకి మారిస్తే, మొదటిరకం వాళ్ళకి ఏడాదికి నాలుగు లక్షలు, రెండోరకం వాళ్ళకి రెండు లక్షలు అవుతుందనుకోండి.

ఇప్పుడు కంపెనీ ఒక బోర్డు పెట్టింది: నాలుగేళ్ళ డిగ్రీ ఉంటే ఇరవై, లేకపోతే పది. డిగ్రీ వల్ల అదనంగా వచ్చేది పది లక్షలు. మొదటిరకం వాడికి డిగ్రీ ఖర్చు పదహారు, పది కోసం పదహారు ఎవడూ పెట్టడు, ఇంట్లో ఉంటాడు. రెండోరకం వాడికి ఖర్చు ఎనిమిది, రెండు లక్షల లాభం, వెళ్ళి చదువుతాడు. బోర్డు పెట్టిన కంపెనీ తర్వాత లెక్క చూసుకుంటే డిగ్రీ ఉన్నవాళ్ళందరూ ఇరవై లక్షలవాళ్ళే, లేనివాళ్ళందరూ పది లక్షలవాళ్ళే. "చూశారా, మేం చెప్పలేదూ" అనుకుంటుంది. నమ్మకం నిజమైంది కాబట్టి బోర్డు తీసే అవసరం ఎవరికీ ఉండదు.

ఇందులో తమాషా ఏంటంటే ఆ నాలుగు అనే అంకెకి ఏ పవిత్రతా లేదు. గీత రెండున్నరేళ్ళకీ అయిదేళ్ళకీ మధ్య ఎక్కడ పెట్టినా ఇదే ఫలితం. మూడేళ్ళని పెట్టినా మొదటిరకానికి పన్నెండు ఖర్చు, రెండోరకానికి ఆరు, విభజన అలాగే జరుగుతుంది. అంటే ఆ నాలుగో ఏడాది ఒక్కొక్కరు ఖర్చు పెట్టిన రెండు లక్షలు గాల్లో కలిసినట్టే. సమాజానికి దానివల్ల ఒరిగింది సున్నా.

ఇప్పుడు ఇదే డేటాని బెకర్‌కి ఇవ్వండి. డిగ్రీ ఉన్నవాళ్ళు ఇరవై లక్షల పని చేస్తున్నారు, లేనివాళ్ళు పది లక్షల పని చేస్తున్నారు. "నాలుగేళ్ళ చదువు విలువని రెట్టింపు చేసింది" అంటాడాయన. టేబుల్లో ఒక్క అంకె కూడా ఆయన మాటని కాదనదు. అసలు చిక్కు ఇదే. ఒక ఏడాది చదువుకి సగటున తొమ్మిది పది శాతం జీతం పెరుగుతుందని దేశదేశాల సర్వేలు చెప్తాయి, కానీ ఆ అంకె ఎంత కచ్చితంగా తేలినా తగవు మాత్రం తీరదు. రెండు కథలూ అదే అంకెని జోస్యం చెప్తున్నాయి కాబట్టి. రెండు వేర్వేరు ప్రోగ్రాములు ఒకే అవుట్‌పుట్ ఇస్తుంటే, లోపల ఏ కోడ్ నడుస్తోందో అవుట్‌పుట్ చూసి చెప్పమన్నట్టు ఉంటుంది.

మనలాంటి చదువుకున్న ఉద్యోగికి ఏ కథ నిజమైనా ఒకటే, జీతం వస్తోంది కదా. తేడా పడేది డబ్బు పెట్టే ప్రభుత్వానికీ, గీత గీసే కంపెనీకీ. చదువు నిజంగా పని నేర్పితే ఇంకో లక్షమందిని చదివించడం వల్ల దేశానికి లాభం. ఊరికే క్యూలో ముందుకి జరగడమే అయితే, అందరూ ఒకేసారి జరిగితే క్యూ పొడుగు తగ్గదు.

మన దగ్గర కొంతవరకు జరిగింది చూడండి. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది, ఇంజినీరింగ్ కాలేజీలు ఊరూరా వెలిశాయి. పై లెక్కలో మొదటిరకం వాడి ఖర్చు ఏడాదికి నాలుగు నించి రెండుకి పడిపోయిందనుకోండి. నాలుగేళ్ళకి ఎనిమిదే, వాడూ చదివేస్తాడు. ఇక డిగ్రీ చూసి ఎవరు ఎవరో చెప్పలేరు. అప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? ఒట్టి డిగ్రీ చాలదు, అరవై శాతం కావాలంటుంది. అదీ చాలకపోతే పదిలోనూ ఇంటర్లోనూ అరవై అంటుంది, బ్యాక్‌లాగులు వద్దంటుంది. స్పెన్స్ మన క్వెరీ చూసి ఉంటే ఆశ్చర్యపోయేవాడు కాదు.

అలాగని ఆ పథకాన్ని తిట్టేవాళ్ళతో నేను చేరను. స్పెన్స్ లెక్కలో ఒక దొంగ ఊహ ఉంది: ఖర్చు ఎక్కువైనవాడు సత్తా తక్కువైనవాడని. మా ఊళ్ళో చురుకైన పిల్లలు ఖర్చు భరించలేక చదువు మానేసింది మందబుద్ధి వల్ల కాదు, ఇంట్లో డబ్బుల్లేక. ఫీజు కట్టలేనివాణ్ణి లెక్క "పది లక్షలవాడు" అని ముద్రేసి పక్కన పెట్టేసింది. ఆ ముద్ర పోయింది కదా, అది తక్కువ విషయమేం కాదు.

సరే, మరి లోపల ఏ కోడ్ నడుస్తోందో కనుక్కోవడం ఎలా? దారి ఒకటే. చదువునీ కాయితాన్నీ విడదీసే సందర్భం ఎక్కడైనా దొరకాలి. ఒకే చదువు చదివి కాయితం మాత్రం ఒకరికి వచ్చి ఒకరికి రాని చోటు, లేదా ఒకే కాయితం వచ్చి చదువు మాత్రం తగ్గిన చోటు.

మొదటి రకం సందర్భం అమెరికాలోని టెక్సాస్‌లో దొరికింది. అక్కడ హైస్కూలు డిప్లొమా రావాలంటే క్లాసులు పూర్తిచేయడంతో పాటు ఒక రాష్ట్రస్థాయి పరీక్ష గట్టెక్కాలి. తప్పితే మళ్ళీ రాయొచ్చు, అలా పన్నెండో తరగతి చివర్లో ఆఖరి అవకాశం ఉంటుంది. ఆ ఆఖరి పరీక్షలో గీతకి ఒక్క మార్కు పైనున్నవాడికీ ఒక్క మార్కు కిందున్నవాడికీ బుర్రలో తేడా ఏముంటుంది? ఏమీ ఉండదు. అన్నేళ్ళూ అవే బెంచీలు, అవే పాఠాలు. ఒకడి చేతిలో డిప్లొమా, ఇంకొకడి చేతిలో అది లేదు. అచ్చంగా 60.8, 59.42 కథే. డేమన్ క్లార్క్, పాకో మార్టొరెల్ అనే ఇద్దరు ఆ పిల్లల్ని ప్రభుత్వ జీతాల రికార్డుల్లో ఏళ్ళ తరబడి వెంటాడి, 2014లో ఫలితం ప్రచురించారు.

గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళ జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. కాయితానికి కాయితంగా విలువ దాదాపు సున్నా!

నేనిది మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు. మా రూమ్మేటు పద్నాలుగు నెలలు చెప్పులరిగేలా తిరగడం కళ్ళారా చూశాను కదా. ఎక్కడో తప్పుండాలి అని వెతికాను. ఇలాంటి పోలికలో తప్పు దొర్లే చోటు ఒకటి ఉంటుంది. గీత ఎక్కడుందో ముందే తెలిసి, దాన్ని దాటించుకునే ఉపాయం మనుషుల చేతిలో ఉంటే పోలిక చెడిపోతుంది. అప్పుడు పైనున్నవాళ్ళు అదృష్టవంతులు కాదు, ఉపాయం తెలిసినవాళ్ళు. ఇది పట్టుకోవడం తేలికే, మార్కుల గ్రాఫు గీస్తే చాలు. గీతకి సరిగ్గా పైన మేటా, సరిగ్గా కింద గొయ్యీ కనిపిస్తే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

సరదాకి మా అప్లికేషన్ల టేబుల్ మీద అదే పని చేశాను. బీటెక్ శాతం గ్రాఫు నున్నగా కొండలా ఉంటుందనుకుంటే, అరవై దగ్గర ఒక స్తంభం లేచింది, యాభైతొమ్మిది దగ్గర గుంట. రీవాల్యుయేషన్ పెట్టి దాటించినవాళ్ళు కొందరు, 59.6ని 60 అని టైపు చేసినవాళ్ళు కొందరు. సీజీపీఏని శాతంలోకి మార్చే సూత్రం అన్ని యూనివర్సిటీల్లోనూ ఒకటి కాదు కాబట్టి, ఏది లాభమైతే అది వాడినవాళ్ళు ఇంకొందరు. అంటే మా క్వెరీ అరవై శాతం వచ్చినవాళ్ళని ఎంచడంలేదు, అరవై అనే గీత గురించి ముందే తెలిసి జాగ్రత్తపడినవాళ్ళని ఎంచుతోంది. (అది కూడా ఒక సత్తానే అని మా హెచ్చార్ ఆవిడ వాదన. కొట్టిపారెయ్యలేను.) మా డేటాతో టెక్సాస్ లాంటి పోలిక చెయ్యడానికి వీల్లేదని మాత్రం తేలిపోయింది. వాళ్ళ పరీక్షని దిద్దేది పిల్లలూ కాదు, బడి మాస్టర్లూ కాదు కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

ఇక రెండో రకం సందర్భం. కొలంబియా రాజధాని బొగోటాలో లాస్ ఆండీస్ అని పెద్ద పేరున్న యూనివర్సిటీ ఉంది. 2006లో వాళ్ళు డిగ్రీకి పూర్తి చెయ్యాల్సిన కోర్సుల భారాన్ని ఎకనమిక్స్‌లో 20 శాతం, బిజినెస్‌లో 14 శాతం తగ్గించారు. పేరు అదే, పట్టా అదే, చేరే పిల్లల ప్రవేశ మార్కులు అవే, పాసయ్యేవాళ్ళ నిష్పత్తి కూడా అదే. తగ్గింది చదువొక్కటే. సిగ్నలింగ్ పూర్తిగా నిజమైతే జీతాలు కదలకూడదు. పైగా నాలుగో ఏడాది దండగ ఖర్చు మిగిలినట్టు పిల్లలు సంతోషించాలి.

కరోలినా ఆర్టియాగా 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం ఎకనమిక్స్ పట్టభద్రుల జీతాలు సుమారు 16 శాతం, బిజినెస్ వాళ్ళవి 13 శాతం పడిపోయాయి.

ఎలా పడ్డాయన్నది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. కంపెనీలేమీ "ఆ కాలేజీ సిలబస్ తగ్గించిందట" అని పేపర్లో చదివి జీతం కొయ్యలేదు. కంపెనీల్ని అడిగి చూస్తే, ఎంపిక ప్రక్రియలో ఈ పిల్లలు మునుపటిలా రాణించలేదనీ, అందువల్ల కాస్త తక్కువ స్థాయి సంస్థల్లో కుదురుకున్నారనీ తేలింది. ఆ దేశపు కేంద్ర బ్యాంకు ఆర్థికవేత్తల ఎంపిక రికార్డులు చూస్తే, అక్కడ ఈ కాలేజీ వాళ్ళు నెగ్గే అవకాశం 17 శాతం పాయింట్లు పడిపోయింది. పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేసి చూసే యజమానికి కాలేజీ పేరొక్కటే సరిపోలేదు. లోపల సరుకు తగ్గితే తెలిసిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే బెకర్ గెలిచాడని చప్పట్లు కొట్టొచ్చు. కానీ అమెరికాలోనే ఎదురు సాక్ష్యం ఒకటుంది. హైస్కూలు మధ్యలో మానేసినవాళ్ళ కోసం అక్కడ జీఈడీ అని ఒక సమానత్వ పరీక్ష ఉంది. ఒకప్పుడు పరీక్ష దేశమంతా ఒకటే అయినా, పాస్ మార్కు రాష్ట్రానికొకటి. అవే మార్కులతో ఒక రాష్ట్రంలో పాస్, పక్క రాష్ట్రంలో ఫెయిల్. టైలర్, మర్నేన్, విల్లెట్ అనే ముగ్గురు 2000లో దీన్ని వాడుకుని చూస్తే, బడి మానేసిన తెల్లజాతి యువకులకి ఆ సర్టిఫికెట్ వల్ల జీతం 10 నించి 19 శాతం దాకా పెరిగింది. తెల్లజాతి కానివాళ్ళకి మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే కాయితానికి విలువ ఉన్న చోటు ఉంది, ఆ విలువ కూడా అందరికీ ఒకేలా లేదు.

మరి ఏది నిజం? బ్రయన్ కాప్లన్ అనే ఆయన 2018లో పుస్తకం రాసి, చదువు ఫలితంలో దాదాపు 80 శాతం సిగ్నలింగే అన్నాడు. ఫాబియన్ లాంగే 2007లో చేసిన లెక్కలో అది పాతిక శాతం కూడా మించదు. ఇంత దూరం ఎందుకంటే, వీళ్ళ మధ్య తేడా అంతా ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంది: మనిషి పనిలో చేరాక అతని అసలు సత్తా యజమానికి ఎంత తొందరగా తెలుస్తుంది?

లాంగే అడిగింది సరిగ్గా అదే. పరిశోధకుల దగ్గర అమెరికన్ యువకుల సామర్థ్య పరీక్ష మార్కులున్నాయి, యజమానులకి అవి తెలియవు. చేరిన కొత్తలో జీతం చదువుని బట్టి ఉంటుంది, ఆ రహస్య మార్కుల్ని బట్టి ఉండదు. ఏళ్ళు గడిచేకొద్దీ చదువు బరువు తగ్గి, రహస్య మార్కుల బరువు పెరుగుతుంది. ఈ సంగతి ముందు 2001లో ఆల్టంజీ, పియరె అనేవాళ్ళు చూపించారు. యజమాని మనిషిని క్రమంగా చదువుకుంటున్నాడన్నమాట. లాంగే దాని వేగం కొలిచాడు. యజమాని మొదట్లో వేసిన అంచనాలోని తప్పు మూడేళ్ళలో సగానికి తగ్గిపోతుంది. మూడేళ్ళలో సగం బయటపడే విషయానికి జీవితాంతం అదనపు జీతం ఇచ్చేవాడెవడుంటాడు? అందుకే సిగ్నల్ వాటా పెద్దగా ఉండలేదంటాడు లాంగే.

మన టీముల్లో చూడండి. రెండు అప్రైజల్స్ అయ్యాక ఎవడి బీటెక్ పర్సెంటేజీ ఎంతో ఎవరికైనా గుర్తుంటుందా? ప్రొడక్షన్‌లో రాత్రి రెండింటికి బగ్ పడితే ఎవరికి ఫోన్ చెయ్యాలో మాత్రం అందరికీ తెలుసు.

కాబట్టి నా మటుకు నాకు ఈ తగవు అర్థమైన తీరు ఇదీ. సిగ్నల్‌కి బలం గుమ్మం దగ్గరే. యజమాని మనిషిని చూడలేని చోట, చూడ్డానికి తీరిక లేని చోట కాయితం పలుకుతుంది. ఇంటర్వ్యూ చేసి చూసే చోట, పని చేయించి చూసే చోట దాని గొంతు పోతుంది. టెక్సాస్ పిల్లల ఉద్యోగాల్లో నాలుగు రోజులు పనిలో పెట్టుకుని చూస్తే మనిషి తెలిసిపోతాడు కాబట్టి డిప్లొమా ఎవరూ పట్టించుకోలేదేమో (ఇది నా ఊహ, వాళ్ళు రుజువు చేసింది కాదు). ఇరవై వేల అప్లికేషన్లొచ్చే మన ఫ్రెషర్ల డ్రైవ్‌లో గుమ్మం దగ్గర కూర్చున్నది మనిషి కాదు, మూడు లైన్ల క్వెరీ. అది ఎవరినీ చదువుకోదు.

ఇక్కడే నాకు లాంగే లెక్క మీద చిన్న పేచీ. గుమ్మం దాటిన తర్వాత యజమాని నేర్చుకుంటాడు, సరే. గుమ్మం దాటనివ్వనివాడి గురించి ఎవరు నేర్చుకుంటారు? మన పరిశ్రమలో పని నేర్పేది కాలేజీ కాదు, మొదటి ఉద్యోగం. నాకు మూణ్ణెల్ల ట్రైనింగు కంపెనీ ఖర్చు మీద దొరికింది (ఊరికే కాదులెండి, రెండేళ్ళ బాండు రాయించుకున్నారు. ఎక్కడికెళ్ళినా పనికొచ్చే విద్యని కంపెనీ తన డబ్బుతో నేర్పదు, నేర్చుకునేవాడే ఏదో రూపంలో కట్టుకోవాలని బెకర్ ఏనాడో చెప్పాడు). ఆ తర్వాత నాకంటే బాగా తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని రెండేళ్ళు కోడ్ రాశాను. ఆ మూలధనం నాకు రావడానికి కారణం 60.8. అంటే సిగ్నల్ ఒక్కరోజు పనిచేసి పక్కకి తప్పుకుంది, కానీ అది నన్ను ఏ తలుపులోంచి తోసిందో ఆ తలుపు వెనకాల అసలు చదువు ఉంది. పదేళ్ళ తర్వాత మా ఇద్దరి జీతాల్లో తేడా ఉంటే దాన్ని ఏ ఖాతాలో రాయాలి? ఆర్థికవేత్తలు రెండు ఖాతాలే పెట్టారు, మా రూమ్మేటు కథ రెంటి మధ్యా పడుతుంది.

నిజానికి ఇప్పుడు మా ఇద్దరి జీతాల్లో పెద్ద తేడా లేదు. మూడు కంపెనీలు మారి వాడు నన్ను అందుకున్నాడు. ఈ మాట వింటే లాంగే సంతోషిస్తాడు. కానీ ఆ ఏడు మా క్లాసులో గీత కింద ఉండిపోయింది వాడొక్కడే కాదు. నాకు ఫోన్ నంబరున్నది వాడిది. మిగతావాళ్ళు ఏమయ్యారో తెలీదు, వాళ్ళలో సాఫ్ట్‌వేర్‌లోకి రానేలేనివాళ్ళు నా లెక్కలోకి రారు. నెగ్గినవాణ్ణే చూసి ఫర్వాలేదులే అనుకోవడం, మెకానికల్ వాణ్ణయినా నాకే తెలిసిన తప్పు.

సరే, క్వెరీ సంగతి. మేనేజరు దగ్గరికెళ్ళి అరవై తీసేద్దామన్నాను. నవ్వారు. "తీసేస్తే ఎన్నొస్తాయో చూశావా? పరీక్ష లైసెన్సు తలకింత అని కట్టాలి" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. గీత ఉండేది మనుషుల మీద పగతో కాదు, చూడ్డానికి ఖర్చవుతుంది కాబట్టి. అయితే ఆ ఖర్చు ఇదివరకు ఒక్కో కాలేజీకి బస్సేసుకెళ్ళి పరీక్ష పెట్టినప్పటి ఖర్చు కాదు. అంకె మాత్రం అప్పటిదే.

రెండు రోజులు బేరమాడాక ఒక చోట ఆగాం. గీత యాభైయ్యయిదుకి దింపడం, ఈ ఒక్క డ్రైవ్‌కే. యాభైయ్యయిదు నించి అరవై దాకా ఉన్నవాళ్ళని పరీక్షకి పిలవడం, పరీక్షా ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఆ శాతం కనబడకుండా దాచడం. ఇదివరకు ఇంటర్వ్యూ షీట్లో పర్సెంటేజీ పైనే ఉండేది. 61 వచ్చినవాడు తడబడితే "టెన్షన్ పడ్డాడులే" అనీ, 72 వచ్చినవాడు తడబడితే "ఈ ఒక్కటే తెలీదేమో" అనీ రాసిన షీట్లు నావే ఉన్నాయి. ఆ కాలమ్ తీసేయించాను. తీసుకున్నవాళ్ళ రేటింగులు రెండేళ్ళ తర్వాత రెండు గుంపులకీ పోల్చి చూడాలన్నది ఒప్పందం.

ఈ పోలిక కూడా చెడిపోయే దారులున్నాయి. పరీక్ష నెగ్గి వచ్చినవాళ్ళనే కొలుస్తాం కాబట్టి, తక్కువ శాతం ఉండీ నెగ్గినవాడు ఆ గుంపులో మామూలువాడు కాకపోవచ్చు. గీత పాతదే అనుకుని అసలు అప్లై చెయ్యనివాళ్ళు ఎలాగూ కనబడరు. రెండేళ్ళలో మానేసి వెళ్ళిపోయేవాళ్ళు ఎవరన్నది ఇంకో చిక్కు. మంచివాళ్ళే ముందు వెళ్ళిపోతారు మన దగ్గర. అయినా ఇప్పుడున్న పద్ధతిలో గీత కిందివాళ్ళ గురించి మా దగ్గర ఒక్క వరుస డేటా కూడా లేదు. ఇన్నేళ్ళుగా అరవై పనిచేస్తోందని నమ్ముతున్నాం, స్పెన్స్ కంపెనీ బోర్డు లాగే. కాదని చెప్పగలిగినవాళ్ళని లోపలికి రానివ్వలేదు కాబట్టి కాదని ఎవరూ చెప్పలేదు.

బ్యాక్‌లాగుల షరతు తియ్యడానికి మాత్రం హెచ్చార్ ఒప్పుకోలేదు. పదో తరగతి మార్కులు ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు, అది ఎవరూ అడ్డుపడకుండానే పోయింది.

నిన్న సాయంత్రం మార్చిన క్వెరీ రన్ చేశాను. కొత్తగా నాలుగొందల చిల్లర పేర్లొచ్చాయి. వాటిల్లో 59.42 ఉందేమోనని వెతికాను, లేదు. 59.4 వచ్చిన మెకానికల్ అమ్మాయి మాత్రం ఒకామె ఉంది. పరీక్ష లింకులు సోమవారం వెళ్తాయి. ఈ సంగతి మా రూమ్మేటుకి ఫోన్ చేసి చెప్తే, వాడు అన్నదొకటే: "ఆ నోట్సు జెరాక్సు డబ్బులు ఇంకా బాకీ ఉన్నావురా."